పటం చెరిగిపోయిన రేఖాగణిత ప్రశ్న: నిరూపణ ఎలా పూర్తి చేయాలి

(దేవరకొండలో పదో తరగతి విద్యార్థులు, గణిత ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం స్పెషల్ క్లాసు టైమును ఈ మాటల కోసం ఇచ్చిన సార్లకు, మేడమ్‌లకు కృతజ్ఞతలు. ఊళ్లకు వెళ్లే పిల్లలకు బస్సు దొరకాలి కాబట్టి నేరుగా లెక్కలోకి వెళదాం.

మీ క్లాసు గ్రూపులోకి పాత ప్రశ్నపత్రాలు ఎలా వస్తున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. నల్లగొండలో ఎవరో ఒక పేపరును జిరాక్స్ తీస్తారు. ఆ జిరాక్స్‌కు ఇంకెవరో ఫోటో తీస్తారు. ఆ ఫోటో నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి మీ ఫోనులోకి వస్తుంది. వర్గ సమీకరణం లెక్కకు దీనివల్ల పెద్ద నష్టం లేదు, అంకె ఒకటి మసకబారినా ఊహించుకోవచ్చు. రేఖాగణితంలో మాత్రం "పటంలో" అని మొదలైన ప్రశ్న కింద నల్లటి మచ్చ ఉంటుంది, లేదా సగం త్రిభుజం ఉండి మిగతా సగం మడతలోకి పోయి ఉంటుంది. అప్పుడు మీరు చేసే పని నాకు తెలుసు. "సార్, పటం కనిపిస్తలేదు" అని గ్రూపులో పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అలా వదిలేసిన ప్రశ్నల్లో చాలావాటిని పూర్తి చేయవచ్చు. ఏవి చేయవచ్చు, ఏవి చేయలేం, చేసింది సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి అన్నది ఒక్క లెక్క పట్టుకుని చూద్దాం.

ముందు ఈ రెండు ప్రశ్నలు వినండి. రెండూ సరూప త్రిభుజాల అధ్యాయంలో వచ్చే రకమే.

మొదటిది: O అనే బిందువు నుంచి గీసిన OP, OQ, OR రేఖాఖండాల మీద వరుసగా A, B, C బిందువులున్నాయి. AB ∥ PQ, AC ∥ PR అయితే BC ∥ QR అని చూపండి.

రెండోది: పటంలో DE ∥ OQ, DF ∥ OR అయితే EF ∥ QR అని చూపండి.

మొదటి ప్రశ్నకు పటం మొత్తం చెరిగిపోయినా మీకు నష్టం లేదు. ఏ బిందువు ఏ రేఖ మీద ఉందో వాక్యమే చెప్పేసింది. కాగితం తీసుకుని వాక్యం చెప్పినట్లు గీసుకుంటూ పోతే పటం వచ్చేస్తుంది. రెండో ప్రశ్న అలా కాదు. D ఎక్కడుంది? O ఎక్కడుంది? E దేని మీద ఉంది? వాక్యంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ సంగతంతా పటంలోనే దాచి, సమాంతరాలను మాత్రం మాటల్లో చెప్పారు. కాబట్టి పటం కనిపించని ప్రశ్న ఎదురైతే మొదట చూడాల్సింది ఇది: ప్రతి అక్షరానికీ వాక్యంలో చోటు చెప్పారా? చెప్పి ఉంటే పటం కోసం ఎదురుచూడకండి. చెప్పకపోతే ఏ అక్షరానికి చోటు లేదో పేపరు అంచున రాసుకోండి. రెండో ప్రశ్నలో D, E, F, O నాలుగింటికీ లేదు.

ఇప్పుడు ఫోటో సంగతి. పటంలో కొంత మిగిలి ఉంటే అందులో దేన్ని నమ్మవచ్చు? ఇది చాలామంది పట్టించుకోని విషయం, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

సాగర్ ఎడమ కాలువ వంతెన మీద నిలబడి ఫోటో తీస్తే రెండు గట్లూ దూరంగా పోయేకొద్దీ దగ్గరవుతూ ఒకచోట కలిసిపోయినట్లు కనిపిస్తాయి. నిజానికి అవి సమాంతరంగానే ఉన్నాయి. ప్రశ్నపత్రాన్ని ఫోను వంచి తీసినా జరిగేది అదే. సమాంతర రేఖలు సమాంతరంగా కనిపించవు. లంబకోణం 80 డిగ్రీలో 100 డిగ్రీలో అయిపోతుంది. మధ్యబిందువు మధ్యలో ఉండదు. వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది. అంటే ఫోటో మీద స్కేలు, కోణమానిని పెట్టి కొలిచింది దేనికీ పనికిరాదు.

అయితే ఎంత వంచి తీసినా మారనివి కొన్ని ఉన్నాయి. కాగితం చదునుగా ఉన్నంతవరకు సరళరేఖ సరళరేఖగానే పడుతుంది. రేఖ మీద ఉన్న బిందువు రేఖ మీదే ఉంటుంది. P, E, Q ఆ వరుసలో ఉంటే ఫోటోలోనూ అదే వరుస. రెండు రేఖలు ఖండించుకున్న చోట ఖండించుకునే కనిపిస్తాయి. స్పర్శరేఖ వృత్తాన్ని తాకుతూనే ఉంటుంది. ఒక మూల దగ్గర మూడు గీతలు కలిస్తే ఫోటోలోనూ మూడే కలుస్తాయి.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సమానం, సమాంతరం, లంబం లాంటివి ఫోటోలో పాడవుతాయి, కానీ వాటిని ప్రశ్న చాలాసార్లు మాటల్లోనే ఇస్తుంది. ఏ బిందువు ఏ రేఖ మీద ఉంది అన్నది ప్రశ్న మాటల్లో ఇవ్వకపోవచ్చు, కానీ దాన్ని ఫోటో చెడగొట్టదు. అందుకే సగం చెరిగిన పటం కూడా మనకు చాలా ఉపయోగపడుతుంది. మిగిలిన ముక్కలో కొలతలు వెతకకండి. ఏది దేని మీద ఉంది, ఎన్ని గీతలు ఎక్కడ కలిశాయి అన్నవే వెతకండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. జిరాక్స్ మీద జిరాక్స్ తీసినప్పుడు ముందుగా మాయమయ్యేవి చిన్న గుర్తులు. సమాన భుజాల మీది అడ్డగీతలు, సమాంతర రేఖల మీది బాణం గుర్తులు, లంబకోణం దగ్గరి చిన్న చతురస్రం. ఇవి ప్రశ్న వాక్యంలో లేకుండా పటంలోనే ఉంటే, పోయిన సంగతి కూడా మనకు తెలియదు. దాన్ని ఎలా పట్టుకోవాలో లెక్కలో చూపిస్తాను. అక్షరాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మసక పేపర్లో D, O, Q మూడూ ఒకలాగే ఉంటాయి. E కింది గీత పోతే F అవుతుంది. మన రెండో ప్రశ్నలో సరిగ్గా ఈ అక్షరాలే ఉన్నాయి.

సరే, ఇప్పుడు ఆ ప్రశ్నను పట్టుకుందాం. DE ∥ OQ, DF ∥ OR, EF ∥ QR అని చూపాలి. పటం మచ్చ కింద ఉంది. కింది ఎడమ మూల దగ్గర Q అనే అక్షరం, అక్కడినుంచి బయలుదేరిన గీతల మొదళ్లు మాత్రం కనిపిస్తున్నాయి అనుకోండి.

మొదట ఎవరికైనా తట్టే పటం ఇది. బోర్డు మీద గీస్తున్నాను. O, Q, R మూడు అక్షరాలు జతలు జతలుగా వచ్చాయి: OQ, OR, QR. కాబట్టి OQR ఒక త్రిభుజం. O పైన, QR కింద. D ని QR మీద పెడదాం. D నుంచి OQ కు సమాంతరంగా గీస్తే అది OR ను ఒకచోట తాకుతుంది, అది E. D నుంచి OR కు సమాంతరంగా గీస్తే OQ ను తాకుతుంది, అది F. ఇచ్చిన రెండు షరతులూ తీరాయి. ఇచ్చిన ఆరు అక్షరాలూ పటంలోకి వచ్చాయి, కొత్త అక్షరం ఒక్కటీ అక్కర్లేదు. చూడడానికి ముచ్చటగా ఉంది. చాలామంది ఇక్కడే ఆగి నిరూపణ రాయడం మొదలుపెడతారు.

రాయకముందు ఒక పరీక్ష చేయాలి. నిరూపించమన్న సంగతి ఈ పటంలో నిజంగా జరుగుతోందా? D ని QR కు సరిగ్గా మధ్యలో పెట్టి గీసిన విద్యార్థికి EF, QR సమాంతరంగానే వస్తాయి. "సరిపోయింది" అనుకుంటాడు. నేను D ని మధ్యలో పెట్టడం లేదు. QR ను 9 సెంటీమీటర్లు తీసుకుని, Q నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో D పెడుతున్నాను. DE ∥ OQ కాబట్టి OE అనేది OR లో మూడో వంతు అవుతుంది. DF ∥ OR కాబట్టి OF అనేది OQ లో మూడింట రెండు వంతులు అవుతుంది. ఒక పక్క మూడో వంతు దగ్గర E, ఇంకో పక్క మూడింట రెండు వంతుల దగ్గర F. వాటిని కలిపిన గీత QR కు సమాంతరంగా ఉండే అవకాశమే లేదు. D సరిగ్గా మధ్యలో ఉంటే తప్ప ఈ పటంలో నిరూపించాల్సింది అబద్ధం.

దీన్నుంచి రెండు సంగతులు పట్టుకోండి. ఊహించి గీసే పటంలో ప్రత్యేకమైన స్థానాలు వాడకూడదు. మధ్యబిందువు అని చెప్పకపోతే మధ్యలో పెట్టకూడదు, సమద్విబాహు అని చెప్పకపోతే రెండు భుజాలు సమానంగా గీయకూడదు, లంబం అని చెప్పకపోతే నిటారుగా నిలబెట్టకూడదు. పటాన్ని కావాలనే వంకరగా గీయండి. అందంగా గీసిన పటం తప్పును కప్పేస్తుంది. రెండో సంగతి, చెరిగిపోయిన గుర్తు సంగతి ఇక్కడే బయటపడుతుంది. వంకరగా గీసినప్పుడు నిరూపించాల్సింది జరగకపోతే, పటం తప్పై ఉండాలి, లేదా ఏదో ఒక షరతు మచ్చ కిందికి పోయి ఉండాలి. ఈ పటమే అసలు పటమైతే QD, DR ల మీద సమాన గుర్తులు ఉండి చెరిగిపోయి ఉండాలి.

మరి రెండిట్లో ఏది? Q దగ్గర మిగిలిన ముక్కను అడుగుదాం. నేను గీసిన ఈ పటంలో Q దగ్గర కలిసే గీతలు రెండే: OQ, QR. ఫోటోను పెద్దది చేసి చూస్తే Q నుంచి మూడు గీతలు బయలుదేరుతున్నాయి. ఎన్ని గీతలు అన్న లెక్క ఫోటో వంపుతో మారదని ఇందాక చెప్పుకున్నాం. కాబట్టి ఈ పటం కాదు. Q నుంచి OQ, QR కాకుండా ఇంకో గీత ఎటో పోతోంది.

అది ఎటు పోతోందో వాక్యాన్నే అడగాలి. ఇది సరూప త్రిభుజాల అధ్యాయం. సమాంతరం అన్న మాట వినగానే అక్కడ చేతికి వచ్చేది ప్రాథమిక అనుపాత సిద్ధాంతం, మన పుస్తకాల్లో థేల్స్ పేరుతో కూడా చెప్పేది. ఆ సిద్ధాంతానికి ఒక త్రిభుజం, అందులో ఒక భుజానికి సమాంతరంగా ఒక గీత కావాలి. DE ∥ OQ అంటే OQ ఒక భుజం. DE మిగిలిన రెండు భుజాల మీద వాలిన గీత. అక్షరాల వరుస చూడండి: D ముందు, O ముందు. E వెనుక, Q వెనుక. ప్రశ్న రాసేవాళ్లు ఈ వరుసను ఊరికే పెట్టరు. O వైపు భుజం మీద D, Q వైపు భుజం మీద E ఉంటాయి. అలాగే DF ∥ OR లో O వైపు D, R వైపు F. EF ∥ QR లో Q వైపు E, R వైపు F. అంటే OD అనే రేఖ, QE అనే రేఖ, RF అనే రేఖ, మూడు ఉన్నాయి.

మొదటి త్రిభుజం మూడో శీర్షం OD, QE రేఖలు కలిసే చోట ఉండాలి. రెండో త్రిభుజం మూడో శీర్షం OD, RF రేఖలు కలిసే చోట ఉండాలి. ఈ రెండూ వేరువేరు బిందువులైతే మొదటి త్రిభుజంలో వచ్చే నిష్పత్తికీ రెండో త్రిభుజంలో వచ్చే నిష్పత్తికీ సంబంధం కుదరదు. నిరూపణ ముందుకు సాగాలంటే OD మీది నిష్పత్తి రెండు త్రిభుజాలకూ ఒకటే కావాలి. కాబట్టి మూడు రేఖలూ ఒకే బిందువులో కలవాలి. ఆ బిందువు పేరు ప్రశ్నలో ఎక్కడా లేదు. వాడిన అక్షరాలు D, E, F, O, Q, R. O, Q, R మధ్యలో P ఖాళీగా ఉంది. పేరు P అనే పెట్టుకుందాం.

ఇప్పుడు కొత్త పటం గీస్తున్నాను. PQR త్రిభుజం. లోపల ఎక్కడో ఒక పక్కకు O. PO, QO, RO కలిపాను. PO మీద D. D నుంచి OQ కు సమాంతరంగా గీస్తే PQ మీద E దొరికింది. D నుంచి OR కు సమాంతరంగా గీస్తే PR మీద F దొరికింది. Q దగ్గర గీతలు లెక్కపెట్టండి: PQ, OQ, QR. మూడు. ఫోటోతో సరిపోయింది.

పరీక్ష ఇక్కడా చేయాలి, వదలకూడదు. PQ = 9, PR = 7.5, QR = 6 సెంటీమీటర్లతో త్రిభుజం గీయండి. P నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో, త్రిభుజం లోపల O పెట్టండి. P నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర D పెట్టండి. మూలమట్టాలతో సమాంతరాలు గీస్తే P నుంచి E 6 సెంటీమీటర్లు, P నుంచి F 5 సెంటీమీటర్లు వస్తాయి. EF కొలిస్తే 4 వస్తుంది. QR 6 కదా, అన్నీ మూడింట రెండు వంతులే. మూలమట్టం జరిపి చూస్తే EF, QR సమాంతరం. మీరు గీసినప్పుడు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కావచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. తప్పు పటంలో వచ్చే తేడా మిల్లీమీటర్లలో ఉండదు, చూడగానే తెలుస్తుంది. ఈ కొలతలు నిరూపణ కావు. తప్పు పటం మీద పేజీ నింపకుండా ఆపడానికే ఇవి.

నిరూపణ ఇక నాలుగు వాక్యాలు. POQ త్రిభుజంలో DE ∥ OQ కాబట్టి PE/EQ = PD/DO. POR త్రిభుజంలో DF ∥ OR కాబట్టి PF/FR = PD/DO. రెండిటి కుడివైపులు ఒకటే కాబట్టి PE/EQ = PF/FR. PQR త్రిభుజంలో రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజించిన గీత EF, కాబట్టి ప్రాథమిక అనుపాత సిద్ధాంతం విపర్యయం ప్రకారం EF ∥ QR.

ఇక్కడ O త్రిభుజం లోపల ఉందా, QR కు అవతల బయట ఉందా అన్నది నిరూపణలో ఎక్కడైనా వాడామా? వాడలేదు. కాబట్టి O అసలు స్థానం తెలియకపోవడం మనకు సమస్య కాదు. నిరూపణ రాశాక ఒక్కో వాక్యం దగ్గర ఆగి, "ఈ మాట పటంలో దేన్ని నమ్ముకుని రాశాను?" అని చూసుకోండి. నమ్ముకున్నవి ఇక్కడ మూడే. P, D, O ఒక రేఖ మీద ఉన్నాయి. P, E, Q ఒక రేఖ మీద ఉన్నాయి. P, F, R ఒక రేఖ మీద ఉన్నాయి. మిగతాదంతా ప్రశ్న వాక్యంలో ఉంది.

ఈ మూడు సంగతులనూ జవాబులో రాయాలి. దత్తాంశం అన్న చోట ముందు ప్రశ్నలో ఉన్నది రాయండి. దాని కింద "పటం స్పష్టంగా లేనందున OD, QE, RF రేఖలు P వద్ద కలుస్తాయని, D, E, F లు వరుసగా PO, PQ, PR ల మీద ఉన్నాయని తీసుకున్నాను" అని విడిగా రాయండి. ఆ తర్వాత మీ పటం. పేపరు దిద్దే సారుకు మీరు ఏ ప్రశ్నకు జవాబు రాశారో తెలియాలి. ఎందుకంటే మనం తేల్చింది ఈ మాటలకు సరిపోయే ఒక సరైన ప్రశ్నను. అసలు పేపర్లో అదే ఉందని పటం చూడకుండా ప్రమాణం చేయలేం. పబ్లిక్ పరీక్ష హాల్లో ముద్రణ చెడిన పేపరు చేతికి వస్తే మాత్రం ఈ పని పెట్టుకోకండి. వెంటనే ఇన్విజిలేటర్‌ను పిలిచి పేపరు మార్చమనండి. ఇప్పుడు చెప్పేదంతా ఇంటి దగ్గర సాధన కోసం.

ఈ లెక్క వెనుక ఒక పెద్దమనిషి ఉన్నాడు, చెప్పకుండా ముందుకు పోవాలని లేదు. గిరార్డ్ దెసార్గ్ అని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు. 1591లో పుట్టి 1661లో చనిపోయాడు. ఒక బిందువు నుంచి బయలుదేరిన మూడు రేఖల మీద రెండు త్రిభుజాలు ఉన్నప్పుడు వాటి భుజాల మధ్య ఉండే సంబంధం మీద ఆయన పేరుతో ఒక సిద్ధాంతం ఉంది. మన DEF, OQR త్రిభుజాలు P నుంచి వచ్చే మూడు రేఖల మీదే ఉన్నాయి కదా, ఇది ఆ సిద్ధాంతంలో ఒక సులువైన సందర్భం. కంటికి కనిపించినట్లు బొమ్మ గీసేటప్పుడు ఏది మారుతుంది, ఏది మారదు అన్నది ఆయన ఇష్టంగా పనిచేసిన విషయం. మన వంకర ఫోటోల సంగతి కూడా అదే. నాకు ఈ లెక్క మీద ఇంత ప్రేమ ఉండడానికి అదొక కారణం.

ఇప్పుడు ఇంకో రకం. ఇందాక రెండు పటాల్లో ఒకటి తప్పు అని తేల్చాం. కొన్నిసార్లు రెండూ ఒప్పే అవుతాయి. వృత్తంలో AB, CD అనే రెండు జ్యాల రేఖలు P వద్ద కలుస్తాయి. PA × PB = PC × PD అని చూపాలి. P వృత్తం లోపల ఉందా, బయట ఉందా? "జ్యాలు ఖండించుకుంటాయి" అని ఉంటే లోపల. "జ్యాలను పొడిగిస్తే" అని ఉంటే బయట. ఆ మాటే మచ్చ కింద పడితే తెలియదు.

రెండు పటాలూ గీసి పరీక్షించండి, రెండిట్లోనూ నిజమే వస్తుంది. నిరూపణలో వాడే త్రిభుజాలు కూడా అవే: PAC, PDB. అవి సరూపాలైతే PA/PD = PC/PB, దాన్నుంచి కావాల్సింది వస్తుంది. కానీ సరూపాలు ఎందుకు అన్న కారణాలు మారిపోతాయి. P లోపల ఉంటే P దగ్గరి కోణాలు శీర్షాభిముఖ కోణాలు కాబట్టి సమానం. PAC కోణం, PDB కోణం ఒకే వృత్తఖండంలోని కోణాలు కాబట్టి సమానం. P బయట ఉంటే P దగ్గరి కోణం రెండు త్రిభుజాలకూ ఉమ్మడి. P కి దగ్గరగా A, C ఉన్నాయనుకుంటే ACDB చక్రీయ చతుర్భుజం. దాంట్లో A, D ల వద్ద ఎదురెదురు కోణాల మొత్తం 180°. BAC, PAC కోణాలు రేఖీయద్వయం, వాటి మొత్తమూ 180°. అందుకని PAC కోణం PDB కోణానికి సమానం.

చూడండి, చివరి వాక్యం రెండు చోట్లా ఒకటే, మధ్యలో రాసే కారణం వేరు. P బయట ఉన్న పటం గీసి "శీర్షాభిముఖ కోణాలు" అని రాస్తే, జవాబు సరిగ్గా వచ్చినట్లే ఉంటుంది కానీ నిరూపణ తప్పు. కాబట్టి ఇలాంటి చోట రెండు సందర్భాలూ రాయాలి, అయిదారు వాక్యాలు ఎక్కువ అవుతాయి, అంతే. ఏ సందర్భంలో రెండూ ఒప్పు, ఏ సందర్భంలో ఒకటే ఒప్పు అన్నది వంకర పటం పరీక్షే చెబుతుంది.

ఇక మీ ప్రశ్నలు. అక్కడ వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా.

("సార్, OD, QE, RF గీతలు ఒకదగ్గర కలవాలన్నారు. అసలు కలవకుండా మూడూ సమాంతరంగా ఉంటే?")

మంచి ప్రశ్న అడిగావు తల్లీ. అప్పుడు P ఉండదు, నిష్పత్తులు పనిచేయవు. అయినా EF ∥ QR అవుతుంది. OD ∥ QE అనుకో. DE ∥ OQ అని ప్రశ్నే చెప్పింది. ఎదురెదురు భుజాల రెండు జతలూ సమాంతరం కాబట్టి ODEQ సమాంతర చతుర్భుజం. అందుకే QE = OD. అలాగే ODFR సమాంతర చతుర్భుజం, RF = OD. ఇప్పుడు QE, RF సమానం, సమాంతరం, ఒకే దిశలో ఉన్నాయి. కాబట్టి QEFR సమాంతర చతుర్భుజం, EF ∥ QR. తొమ్మిదో తరగతి పాఠంతోనే అయిపోయింది. ఇదీ మాటలకు సరిపోయే పటమే. అందుకే జవాబులో "P వద్ద కలుస్తాయని తీసుకున్నాను" అన్న వాక్యం తప్పకుండా ఉండాలన్నాను. మరి రెండిట్లో ఏది రాయాలి అంటావా? మన ఫోటోలో పై భాగం కొంచెం మిగిలి ఉంటే చూడు. గీతలు అక్కడ ఒక మొనలో కలిస్తే P ఉన్నట్టు. అవి దగ్గరవుతున్నట్లు కనిపించడం మాత్రం చాలదు, వంచిన ఫోటోలో సమాంతరాలూ దగ్గరవుతాయి. మొన, దాని పక్కన అక్షరం కనిపించాలి. ఏదీ మిగలకపోతే అధ్యాయాన్ని బట్టి నిర్ణయించుకో. సరూప త్రిభుజాల కింద ఇచ్చిన ప్రశ్న కాబట్టి P ఉన్న పటం రాయి. ఓపిక ఉంటే ఇదీ కింద రాయి.

(ఒక ఉపాధ్యాయురాలు: "సార్, పేపర్లు గ్రూపులో పెట్టేది ఎక్కువగా మేమే. మా వైపు నుంచి ఏం చేస్తే బాగుంటుంది?")

మేడమ్, ఫోనును కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని తీయడం, మడత విప్పి తీయడం మీకు తెలిసినవే. ఇంకొకటి చేయండి. "పటంలో" అని మొదలైన ప్రతి ప్రశ్నకు, పటం నుంచే తెలిసే సంగతిని ఫోటో కింద మెసేజ్‌గా టైప్ చేయండి. ఈ లెక్కకైతే "P-D-O, P-E-Q, P-F-R ఒక్కో రేఖ మీద" అంటే సరిపోతుంది. వృత్తం లెక్కకు "P వృత్తం బయట" అంటే చాలు. లంబకోణం గుర్తు, సమాన గుర్తులు పటంలోనే ఉంటే అవీ రాయండి. ఫోటో ఎన్ని గ్రూపులు తిరిగి ఎంత మసకబారినా ఆ టైప్ చేసిన వరుస మసకబారదు. మెసేజ్ ఫోటో నుంచి విడిపోయే అవకాశం ఉంది కాబట్టి, వీలైతే ఫోటో తీయకముందే కాగితం మీద ప్రశ్న పక్కన పెన్నుతో రాసి తీయండి.